సగం సరుకే ఉంటే బిల్లు ఎంతకు వేయాలి?

"గాజువాక ఆటోనగర్‌లో వాల్వులు అమ్ముతాం. ఒక ఫ్యాక్టరీ నుంచి 40 వాల్వులకు ఆర్డర్ వచ్చింది, స్టాకు 25 ఉంది. మొత్తానికి ఒకే బిల్లు వేసి, మిగతావి తర్వాత పంపొచ్చా?"

వద్దండీ. పంపినంతకే బిల్లు వేయండి.

మాది బేరింగుల షాపు, ఇక్కడే. ఒకసారి 60కి ఆర్డర్ వస్తే 38 పంపి, నెలాఖరు కదా అని 60కీ బిల్లు కొట్టేశాం. వాళ్ల స్టోర్స్ ఆయన ఫోన్ చేసి "బిల్లులో 60, బండిలో 38. నేను ఎంట్రీ ఎలా వేయనండీ?" అన్నాడు. ఆర్డర్, అందిన సరుకు, బిల్లు మూడూ కలిస్తేనే అక్కడ పేమెంట్ కదులుతుంది. దాంతో అందిన 38కి రావాల్సిన డబ్బు కూడా ఆగిపోయింది. మేము మాత్రం 60కీ జీఎస్టీ కట్టేశాం. చివరకు 22కి క్రెడిట్ నోట్ ఇచ్చి, అవి వచ్చాక వేరే బిల్లు వేస్తే గానీ తేలలేదు.

కొన్నవాళ్లకూ నష్టమే. ఒకే బిల్లు మీద సరుకు విడతలుగా వస్తే, ఆఖరి విడత చేతికందాకే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలని జీఎస్టీ చట్టం సెక్షన్ 16(2) చెబుతోంది. అంటే మీ 15 వాల్వులు ఆలస్యమైతే, వాళ్లకు 25 మీద క్రెడిట్ కూడా ఆగుతుంది.

వాల్వు 2,400, జీఎస్టీ 18 శాతం అనుకుందాం. ఇప్పుడు 25కి 60,000, పన్ను 10,800, బిల్లు 70,800. ఇది 50,000 దాటింది కాబట్టి ఈ-వే బిల్లు తీయాలి. తర్వాత 15కి బిల్లు 42,480. రెండు బిల్లుల మీదా అదే ఆర్డర్ నంబర్ ఉండాలి. ట్యాలీలో బిల్లు వేసేటప్పుడు ఆ ఆర్డర్‌ను ఎంచుకుంటేనే బ్యాలెన్స్ 15 పెండింగ్‌లో కనిపిస్తుంది. లేకపోతే 40 పెండింగ్ అలాగే ఉండిపోయి, మళ్లీ 40 పంపే ప్రమాదం ఉంది.

ఒకే మెషీన్‌ను విడిభాగాలుగా నాలుగు బండ్లలో పంపితే పద్ధతి వేరు. అక్కడ మొదటి బండికి ముందే పూర్తి బిల్లు వేసి, తర్వాతి బండ్లకు డెలివరీ చలానా ఇస్తారు.

బండి కదలకముందే కస్టమర్‌కు ఫోన్ చేయండి. విడతలుగా తీసుకుంటారా, రెండో ట్రిప్పు కిరాయి ఎవరిది, క్రెడిట్ రోజులు ఏ బిల్లుకు ఆ బిల్లుకే లెక్కా అని అడిగి, మాట్లాడుకున్నది మెయిల్‌లో పెట్టండి. కంపెనీవాళ్లు మీకు డేట్ ఖాయం చేయకుండా మీరు డేట్ చెప్పకండి. "గురువారం మళ్లీ చెప్తాను" అనండి, సరుకు రాకపోయినా గురువారం ఫోన్ చేయండి.

ఆ 15 పంపే ముందు వాళ్ల సిస్టమ్‌లో ఆర్డర్ ఇంకా ఓపెన్‌గా ఉందో లేదో కనుక్కోండి. కొన్ని చోట్ల గడువు దాటితే క్లోజ్ చేసేస్తారు, అప్పుడు బండి గేటు దగ్గరే ఆగిపోతుంది.