రూమ్ తేడా రోజుకు 2,000 అనుకున్నాం, చేతి నుంచి 49 వేలు పడింది

ప్రశ్న: మా నాన్నకు హనుమకొండలో హెర్నియా ఆపరేషన్ చేయించాలి. పాలసీ 3 లక్షలు, రూమ్ రెంట్ లిమిట్ రోజుకు 1 శాతం, కో-పే 20 శాతం. మొత్తం లక్ష దాకా అవుతుందంటున్నారు. 20 వేలు చేతిలో ఉంచుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఎంత తక్కువ పడుతుందన్నది మీరు తీసుకునే రూమ్‌ను బట్టి ఉంటుంది. రెండేళ్ల క్రితం మా అమ్మను పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించడానికి నర్సంపేట నుంచి హనుమకొండ తీసుకొచ్చాం. పాలసీ అచ్చం మీదిలాంటిదే. అంటే రూమ్‌కు రోజుకు 3,000 వరకే ఇస్తారు, ఒప్పుకున్న మొత్తంలో 20 శాతం కో-పేగా మనమే కట్టాలి. అమ్మకు పక్కన ఎవరో ఉంటే నిద్ర పట్టదని 5,000 సింగిల్ రూమ్ తీసుకున్నాం. తేడా రోజుకు 2,000, మూడు రోజులకు 6,000, పోతే పోయాయిలే అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

లిమిట్ దాటితే కోత రూమ్ అద్దెతో ఆగదు. 5,000కు 3,000 అంటే 60 శాతం. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, నర్సింగ్ చార్జీలన్నిటికీ ఆ 60 శాతమే ఇస్తారు. ఆసుపత్రిలో రూమ్ పెద్దదయ్యేకొద్దీ ఈ చార్జీలు కూడా పెరుగుతాయి కాబట్టి కంపెనీ వాళ్లు ఈ పద్ధతి పెట్టుకున్నారు.

మా బిల్లు, వందలు వదిలేసి చెప్తాను. రూమ్ 15,000. డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 60,000. మందులు, సర్జికల్ సామాను 22,000. టెస్టులు 8,000. ఫైలు, రికార్డుల చార్జీ 1,000. మొత్తం 1,06,000.

ముందు అసలు ఇవ్వనివి తీసేస్తారు. గ్లోవ్స్, మాస్కులు, డైపర్లు, పొట్టకు కట్టే బెల్టు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, రికార్డుల చార్జీ, ఇలాంటివి. మాకు మందుల్లో 4,000, రికార్డుల 1,000 ఇలా పోయాయి. తర్వాత రూమ్‌కు 9,000, డాక్టర్ల లెక్కలో 36,000 ఒప్పుకున్నారు. మందులకు మిగిలిన 18,000, టెస్టుల 8,000 కలిపితే 71,000. కో-పే ఈ 71,000 మీద పడుతుంది, మొత్తం బిల్లు మీద కాదు. అది 14,200. కంపెనీ ఇవ్వాల్సింది 56,800, మాకు పడింది 49,200.

అదే ఆసుపత్రిలో 3,000 రూమ్ అయితే డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ రేటు 48,000 అని తర్వాత తెలిసింది. ఆ లెక్కన ఒప్పుకునేది 83,000, కో-పే 16,600, పైన 5,000 కలిపి మాకు పడేది 21,600. ఆరు వేలనుకున్న రూమ్ తేడా 27,600 అయింది.

ఇంకో సంగతి. డిశ్చార్జి రోజు వచ్చిన లెక్కలో మందులకు, టెస్టులకు కూడా 60 శాతమే ఇచ్చారు. ఇది తప్పు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, సర్జికల్ సామాను, ఇంప్లాంట్లు, టెస్టులకు ఈ కోత వర్తించదు, ఐసీయూ చార్జీలకూ వర్తించదు. ఆ రోజు ఆసుపత్రికి కట్టేసి ఇంటికొచ్చాం. తర్వాత బిల్లు కాపీతో కంపెనీకి మెయిల్ పెడితే కో-పే పోను 8,320 వెనక్కి వచ్చింది. రూమ్‌ను బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే అసలు ఈ కోత వేయకూడదు, కాబట్టి ఆ ప్రశ్న ముందే అడగండి.

మీరు చేరకముందే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర, 3,000 లోపు రూమ్‌లో ఈ ఆపరేషన్‌కు అంచనా ఎంతో కాగితం మీద రాయించుకోండి. మొత్తం ఒక్క అంకెగా కాకుండా రూమ్, నర్సింగ్, డాక్టర్లు, మందులు విడివిడిగా రాయమనండి. కొన్ని పాలసీల్లో రూమ్ రెంట్ అంటే నర్సింగ్‌తో కలిపే. అలాంటప్పుడు 2,800 రూమ్‌కు 500 నర్సింగ్ కలిస్తే 3,300 అయి లిమిట్ దాటిపోతుంది. మీ పాలసీ కాగితాల్లో రూమ్ రెంట్‌కు ఇచ్చిన అర్థం ఒకసారి చదవండి. అందులోనే హెర్నియాకు విడిగా పరిమితి ఉందేమో, వెయిటింగ్ పీరియడ్ అయిపోయిందో లేదో చూడండి. చాలా పాలసీల్లో హెర్నియాకు 2 ఏళ్లు ఆగాలి. అది గడవకపోతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, మొత్తం మీదే.

అన్నీ సరిగ్గా ఉండి లిమిట్ లోపు రూమ్ తీసుకుంటే, లక్ష బిల్లులో ఇవ్వనివి ఓ 6,000 అనుకుందాం. మిగిలిన 94,000 మీద 20 శాతం 18,800. రెండూ కలిపితే దాదాపు 25 వేలు. నేనైతే 40 వేలు దగ్గర పెట్టుకుంటాను. క్యాష్‌లెస్‌లో మొదట వచ్చే అప్రూవల్ చాలాసార్లు కొంత మొత్తానికే ఉంటుంది, దాన్ని చూసి డిపాజిట్ కట్టమంటారు. మిగిలింది డిశ్చార్జి రోజు సర్దుతారు.