సపోజిటరీ పెట్టి గంటయినా జ్వరం తగ్గకపోతే

"మా బాబుకు మూడేళ్లు, 12 కిలోలు. జ్వరం 102.5. పారాసెటమాల్ సిరప్ పోస్తే వెంటనే వాంతి. డాక్టర్ చెప్పిన 170 ఎంజీ సపోజిటరీ మలద్వారంలో పెట్టి గంటయింది, జ్వరం తగ్గలేదు. ఇంకొకటి పెట్టొచ్చా?"

వద్దండీ. మొదటిది ఇంకా ఒంటికి పట్టి ఉండదు.

సిరప్ కడుపులో నిలిస్తే అరగంట, గంటలో రక్తంలోకి బాగా చేరుతుంది. సపోజిటరీ అలా కాదు. ముందు ఒంటి వేడికి ఆ మైనం కరగాలి, అందులోంచి మందు విడిపడాలి, అక్కడుండే కాస్త తడిలోనే ఇంకాలి. రెండు మూడు గంటలు పట్టడం మామూలే. అక్కడ మలం ఉంటే ఎక్కేది ఇంకా తగ్గుతుంది.

మా పాపకు రెండున్నరేళ్లప్పుడు రాత్రి 8:40కి పెట్టాను. 9:40కి కూడా నుదురు కాలిపోతోంది. టెన్షన్‌తో ఫ్రిజ్‌లోంచి రెండోది తీసి, చింపేముందు మా పిల్లల డాక్టర్‌కు ఫోన్ చేశాను. "టైమ్ రాసుకుని ఆగమ్మా" అన్నారు. పదకొండు దాటాక మెడ వెనక చెమట పట్టింది, థర్మామీటర్ 100.6 చూపించింది. ఆ రెండోది పెట్టి ఉంటే రెండు డోసులూ ఒకేసారి ఎక్కేవి.

మీ బాబు లెక్క చూడండి. 170ని 12తో భాగిస్తే కిలోకు 14 ఎంజీ, సరైన డోసే. తర్వాతది ఆరు గంటలు గడిచాకే, అదీ జ్వరంతో బాధపడుతుంటేనే. రోజంతా కలిపి నాలుగు దాటకూడదు. నాలుగైతే 680 ఎంజీ, కిలోకు 57. రోజు హద్దు అరవై, దాని లోపే.

ఈ లెక్కలో సిరప్, సపోజిటరీ, ఇంజెక్షన్ వేరువేరు కావు. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసెటమాల్ ఉంటుంది. ఒకసారి క్లినిక్‌లో అడగకుండానే పారాసెటమాల్ సెలైన్ ఎక్కించబోతే, నేను రాసుకున్న కాగితం చూపించి ఆపించాను. వాంతైన సిరప్‌లో ఎంత లోపలికి పోయిందో తెలియదు కాబట్టి, నేనైతే దాన్నీ డోసుగానే రాస్తాను.

పెట్టిన రెండు మూడు నిమిషాల్లో కరగకుండా మొత్తంగా బయటికొస్తే ఇంకొకటి పెట్టొచ్చు. కరిగి కారినా, కాసేపయ్యాక విరేచనంలో వచ్చినా మళ్లీ పెట్టకండి. ముక్క కోసి కూడా పెట్టకండి, మందు అంతటా సమంగా ఉండకపోవచ్చు.

తిండి లేకుండా వాంతులతో నీరసించిన పిల్లల్లో ఈ మందును విరిచేసే శక్తి లివర్‌కు తగ్గుతుంది. మామూలప్పుడు తట్టుకునే డోసే అప్పుడు ఎక్కువై పోవచ్చు. అందుకే జ్వరం అంకె కన్నా ఉచ్చ చూడండి. ఎనిమిది గంటలుగా పోయకపోయినా, వాంతి ఆకుపచ్చగా ఉన్నా, లేపితే సరిగా లేవకపోయినా సపోజిటరీతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెట్టిన టైమ్‌లు రాసిన కాగితం వెంట ఉంచుకోండి.