సొంత గిట్ సర్వర్: అద్దె తగ్గుతుంది, గంటల సంగతేమిటి?

ప్రశ్న: మాది పన్నెండు మందితో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కోడ్ కోసం గిట్ సర్వీసుకు మనిషికింత చొప్పున నెలనెలా కడుతున్నాం. ఆ బిల్లు మా ఇంజినీరు మూడు గంటల జీతమంత ఉంటుంది. చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటే అందులో మూడో వంతుతో అయిపోతుందనీ, కోడ్ కూడా మన చేతిలోనే ఉంటుందనీ అతనంటున్నాడు. మారమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ ఇంజినీరు వేసిన లెక్క తప్పు కాదు గానీ అందులో అతని సమయం లేదు. బిల్లును మీరు గంటల్లో చెప్పడం నాకు పని తేలిక చేసింది. మిగతా ఖర్చునూ అదే కొలతలో వేద్దాం.

రిపోలు, ఇష్యూలు, ఎవరికి ఏ అనుమతి అన్నవి, బిల్డ్ ఏర్పాట్లు, ఇవన్నీ మార్చడానికి మూడు పనిదినాలు అనుకుందాం. అంటే 24 గంటలు. మూడేళ్లకు పంచితే నెలకు 40 నిమిషాలు. సర్వర్ అద్దె ఒక గంట. అప్‌డేట్లకు రెండు గంటలు, బ్యాకప్ చూసుకోవడానికి ఒక గంట. మొత్తం నెలకు నాలుగు గంటల 40 నిమిషాలు. మీరిప్పుడు కడుతున్నది మూడు గంటలు. మీ బిల్లులో నలుగురికి ఒక గంట పడుతోంది కాబట్టి, మీరు 19 మంది అయ్యేదాకా సొంత సర్వర్ గిట్టుబాటు కాదు. గంటలు నా అంచనాలే. గీటీ లాంటి తేలికైన సాఫ్ట్‌వేర్ అయితే ఒక జీబీ ర్యామ్‌తో చిన్న జట్టుకు సరిపోతుంది, పనీ తగ్గుతుంది. గిట్‌ల్యాబ్ అంతకంటే చాలా బరువైనది.

అప్‌డేట్లకు రెండు గంటలు ఎక్కువనిపించవచ్చు. 2024 జనవరిలో గిట్‌ల్యాబ్‌లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్‌ను దాడి చేసేవాళ్లు తమ చిరునామాకు రప్పించుకుని ఖాతాను లాక్కునే వీలుండేది. అలాంటి వార్త వచ్చిన రోజున సొంతంగా నడుపుకునేవాళ్లు ఉన్న పని ఆపి అప్‌డేట్ చేసుకోవాల్సిందే. మీ ఇంజినీరు సెలవులో ఉంటే ఆ పని ఎవరిది? ఈ ప్రశ్నకు రెండో పేరు చెప్పలేకపోతే ఇక లెక్కలు అక్కర్లేదు.

నేను ఎక్కువగా భయపడేది బ్యాకప్ గురించి. గిట్‌లో ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ కోడ్ చరిత్ర ఉంటుంది కదా అని ధైర్యంగా ఉంటాం. కోడ్ వరకు అది చాలావరకు నిజమే. ఇష్యూలు, సమీక్షల్లో రాసుకున్న వ్యాఖ్యలు, ఖాతాలు మాత్రం సర్వర్ డేటాబేస్‌లోనే ఉంటాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వాళ్ల సొంత సర్వీసులోనే ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతోంది, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరికింది. రిపోలు నిలిచాయి, ఆ ఆరు గంటల ఇష్యూలు, వ్యాఖ్యలు పోయాయి. ఆ పనే వృత్తిగా ఉన్నవాళ్ల సంగతి ఇది.

గిట్‌ల్యాబ్‌లో ఇంకో మెలిక ఉంది. `gitlab-backup create` తీసే బ్యాకప్‌లో `gitlab-secrets.json` ఫైలు రాదు. దాన్ని విడిగా దాచకపోతే, తిరిగి నిలబెట్టాక బిల్డ్‌లో వాడే రహస్య విలువలు, రెండంచెల లాగిన్ వివరాలు తెరుచుకోవు. ఖాళీ సర్వర్‌లో బ్యాకప్‌ను ఎక్కించి చూస్తే తప్ప ఇది బయటపడదు. నేను రాసిన ఆ ఒక గంట అందుకే, మూడు నెలలకోసారి ఒక పూట కూర్చుని చేయడానికి.

"మన చేతిలో" అన్న మాటకూ విలువ ఉంది, కాదనను. 2019లో అమెరికా ఆంక్షల పేరుతో గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ఖాతాలపై పరిమితులు పెట్టింది. కోడ్ బయటికి వెళ్లకూడదని మీ క్లయింట్ ఒప్పందంలో రాసి ఉంటే సొంత సర్వర్ తప్పదు, అప్పుడు ఆ ఖర్చును క్లయింట్ ధరలోనే కలపండి. అలాంటి షరతు లేకపోతే ఇప్పటి సర్వీసులోనే ఉంటూ కోడ్ నకలు ప్రతి రాత్రీ వేరే చోట దాచుకోవచ్చు:

```
git clone --mirror git@git.example.com:team/app.git
cd app.git
git bundle create ../app.bundle --all
```

మొదటి రాత్రి తర్వాత క్లోన్ బదులు ఆ ఫోల్డర్‌లో `git remote update` చాలు. బండిల్ పేరులో తేదీ పెట్టండి, లేకపోతే నేటి పొరపాటు నిన్నటి మంచి నకలును చెరిపేస్తుంది. ఇష్యూలు ఇందులో రావు, వాటిని సర్వీసు ఇచ్చే ఎక్స్‌పోర్ట్‌తో విడిగా తీయాలి.

ఇంకొకటి. బిల్లు ఉన్నట్టుండి పెరిగితే తలల లెక్కకంటే ముందు బిల్డ్ నిమిషాలు, పెద్ద ఫైళ్ల నిల్వ చూడండి. అక్కడే పెరిగితే బిల్డ్‌లను మాత్రం మీ సొంత మెషీన్‌లో రన్నర్ పెట్టి నడపండి, దానికి సర్వీసు రుసుమేమైనా ఉందేమో అడిగి. రన్నర్ చెడిపోతే ఆ రోజు బిల్డ్‌లు ఆగుతాయి, అంతే. ఇష్యూలు, కోడ్ ఉన్నచోటే ఉంటాయి.