వాక్యంలో దారి తప్పే చోటు

వాక్యం పూర్తయ్యాకే అర్థం చేసుకుంటామా, చదువుతూనేనా? అదెలా తెలిసింది?

చదువుతూనే. ‘వాడు పుస్తకం చదివిన అమ్మాయిని పిలిచాడు’ చూడండి. ‘చదివిన’ దాకా పుస్తకం చదివింది వాడేనన్న లెక్కలో ఉంటాం. ‘అమ్మాయిని’ రాగానే లెక్క తప్పుతుంది. ‘వాడు’ని ఊడదీసి ‘పిలిచాడు’కి కట్టాలి.

ఇలా తప్పుదారి పట్టించే ఇంగ్లీషు వాక్యాలు చదివేవాళ్ల కంటి కదలికలను లిన్ ఫ్రేజియర్, కీత్ రేనర్ 1982లో కొలిచారు. పొరపాటు బయటపడే చోట చూపు ఎక్కువసేపు ఆగింది, చాలాసార్లు వెనక్కీ వెళ్లింది. చివరిదాకా ఆగి అర్థం చేసుకునేవాళ్లమైతే, సరిగ్గా అక్కడే తడబడే పనేముంది?

ఒక చిక్కుంది. బటన్ నొక్కుతూ ఒక్కో పదం చదివించే ప్రయోగాల్లో ఆ ఆలస్యం తరచూ పక్క పదం మీదికి జారుతుంది. అందుకే తర్వాతి ఒకట్రెండు పదాల సమయమూ చూస్తారు.