రొయ్యల చెరువు, 8 లక్షల అప్పు: ఏ పాలసీ తీసుకోవాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లండి. భీమవరం దగ్గర రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాను. బ్యాంకు అప్పు 8 లక్షలుంది. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ఏడాదికి 50 వేలు కట్టగలను. టర్మ్ పాలసీలో బతికుంటే పైసా రాదంటున్నారు. సేవింగ్స్ పాలసీయే నయమా?

జవాబు: బతికుంటే టర్మ్‌లో ఏమీ రాదన్న మాట నిజమేనండి. అయితే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ల చేతికి ఎంత వస్తుందో ముందు చూడండి.

మీరడిగే సేవింగ్స్ పాలసీనే ఎండోమెంట్ అంటారు. ఏడాదికి 50 వేలు కట్టే 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీలో బీమా మొత్తం సుమారు 10 లక్షలు ఉంటుంది. మొదటి ఏళ్లలోనే మీకు జరగరానిది జరిగితే బ్యాంకు అప్పు తీర్చాక మీ ఆవిడ చేతిలో మిగిలేది రెండు లక్షల చిల్లర. నెలకు పాతికవేల ఖర్చున్న ఇల్లు దాంతో ఎనిమిది తొమ్మిది నెలలు గడుస్తుంది, అంతే.

గడువు దాకా మీరు క్షేమంగా ఉంటే, బీమా మొత్తంలో వెయ్యికి ఏటా 40 చొప్పున బోనస్ వేసుకున్నా 18 లక్షలు వస్తాయి. వడ్డీ లెక్కన ఇది ఏడాదికి 5 శాతం పైచిలుకు మాత్రమే.

అదే 50 వేలను రెండుగా విడదీయండి. పొగాకు అలవాటు లేకపోతే 60 ఏళ్ల వయసు వరకు 75 లక్షల టర్మ్ పాలసీకి ఏడాదికి సుమారు 12 వేలవుతుంది. మిగతా 38 వేలు పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పటి 7.1 శాతం వడ్డీయే కొనసాగితే 20 ఏళ్లకు దాదాపు 16.9 లక్షలు. గడువుకు చేతికొచ్చేది లక్ష పైన తగ్గుతుంది, దాచడం అనవసరం. కానీ ఆ ఏళ్లన్నీ ఇంటికి 75 లక్షల అండ ఉంటుంది. అప్పు పోగా మిగిలే 67 లక్షలు 6 శాతానికి వేసుకున్నా నెలకు 33 వేలు వస్తాయి. మీ పరిస్థితికి నేను దీన్నే చెబుతాను.

టర్మ్ దగ్గర మన ప్రాంతం వాళ్లకు చిక్కొచ్చేది ఆదాయం రుజువులో. రొయ్యల సాగు ఆదాయం పన్ను లెక్కలో వ్యవసాయం కిందకు రాదు, వ్యాపారం కిందకు వస్తుంది. రిటర్న్ వేయకపోతే కంపెనీ బీమా మొత్తాన్ని తగ్గిస్తుంది, లేదా ప్రపోజల్ తిప్పి పంపుతుంది. అందుకని ముందు రిటర్న్‌లు సరిచేసుకోండి.

గుట్కా, ఖైనీ, బీపీ, షుగర్ ఏదున్నా ఫారంలో రాయండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. పాలసీ మొదలైన మూడేళ్లలోపు క్లెయిమ్ వస్తే దాచిన ప్రతిదాన్నీ తవ్వి చూస్తారు.

ఇంకొక్క మాట. మేత కొట్టు బాకీలు, చేబదుళ్లు కూడా ఉంటే పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద మీ ఆవిడ, పిల్లల పేర రాయించండి. అప్పుడు ఆ సొమ్ము మీద అప్పులవాళ్లకు హక్కుండదు, బ్యాంకు అప్పు తీర్చడమా లేదా అన్నది ఆవిడ చేతిలోనే ఉంటుంది. దీన్ని తర్వాత చేర్చడం కుదరదండి, ప్రపోజల్‌తోపాటే ఆ ఫారం ఇవ్వాలి.