‘రావచ్చు’కు వ్యతిరేకం ఏది?

సందేహం: ‘ఆయన రావచ్చు’ అంటే వచ్చే వీలుందనా, రావడానికి అనుమతి ఉందనా? దీనికి వ్యతిరేకం రాకూడదా, రాకపోవచ్చా, రానక్కరలేదా? అలాగే ‘తలుపుకు తాళం వేసి ఉండాలి’ అన్నది ఆజ్ఞా, ఊహా? తర్కశాస్త్రంలో ‘సాధ్య ప్రపంచాలు’ అనే పద్ధతితో ఇలాంటివి తేలుస్తారని విన్నాను. తెలుగు వాక్యానికి అది పనికొస్తుందా?

సమాధానం: పనికొస్తుంది. సాధ్య ప్రపంచం అనగానే ఎక్కడో నక్షత్రాల అవతల ఉన్న లోకమని అనుకోకండి. డేవిడ్ లూయిస్ అనే తత్త్వవేత్త అవన్నీ మన లోకమంత నిజంగానూ ఉన్నాయని 1986లో వాదించిన మాట నిజమే గాని, వ్యాకరణానికి ఆ వాదంతో పని లేదు. సంగతులు ఏయే విధాలుగా ఉండి ఉండవచ్చో, అందులో ఒక్కొక్క విధమూ వెలితి లేకుండా తీసుకుంటే ఒక్కొక్క ప్రపంచం. ఈ ఊహ తత్త్వవేత్త లైబ్నిజ్ నాటికే ఉంది. దాన్ని లెక్క కట్టే పనిముట్టుగా మలిచిన వారిలో ముఖ్యుడు తర్కవేత్త సాల్ క్రిప్కీ. ఆయన వ్యాసాలు 1959లోనూ 1963లోనూ వచ్చాయి. సూత్రం చిన్నది. లెక్కలోకి వచ్చే ప్రపంచాల్లో కనీసం ఒక్కదానిలో జరిగితే ‘వచ్చు’. అన్నిటిలోనూ జరిగితే ‘రావాలి’, ‘ఉండాలి’ వంటి మాటల చివరి ‘ఆలి’.

వట్టి సూత్రంతో మనసు నిండదు కాబట్టి ఒక గదిని తీసుకుందాం. రాము, సీత, గోపాలం ఆ గదికి వస్తూ పోతూ ఉంటారు. తాళంచెవులు రెండే: ఒకటి రాము దగ్గర, ఒకటి సీత దగ్గర. గోపాలం రాము లేకుండా రాడు. ఇప్పుడు తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరున్నారో మనకు కనిపించడం లేదు. ముగ్గురిలో ఒక్కొక్కరు వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు గనుక మొత్తం 8 విధాలు. తలుపు తెరిచి ఉందంటే రాము, సీతలలో ఒక్కరైనా వచ్చినట్టే. దాంతో ఎవరూ రాని విధమూ, గోపాలం ఒక్కడే వచ్చిన విధమూ పోయాయి. రాము లేకుండా సీత, గోపాలం వచ్చిన విధం రెండో నియమానికి పోయింది. మిగిలినవి 5: ముగ్గురూ రావడం, రామూ సీతా రావడం, రామూ గోపాలమూ రావడం, రాము ఒక్కడే, సీత ఒక్కతే.

ఇక వాక్యాలను ఈ ఐదింటి మీద పెట్టి చూడండి. ‘గోపాలం వచ్చి ఉండవచ్చు’ ఒప్పు. ఐదింటిలో రెండింట వచ్చాడు. ‘రాము వచ్చి ఉండాలి’ తప్పు. సీత ఒక్కతే వచ్చిన ప్రపంచం దాన్ని చెడగొడుతోంది. ‘రాము గాని సీత గాని వచ్చి ఉండాలి’ ఒప్పు. అంతలో సీత ఇంకా ఇంట్లోనే ఉందని తెలిసిందనుకోండి. సీత ఉన్న మూడు ప్రపంచాలూ పోయి రెండే మిగిలాయి. గదిలో ఏ మార్పూ లేదు, అయినా ‘రాము వచ్చి ఉండాలి’ అనే వాక్యం తప్పు నుంచి ఒప్పుకు మారింది. మారినది మన ఎరుక. ‘ఉండాలి’ అనే మాట ఎరుకను బట్టి నడిచేటప్పుడు దాని స్వభావం ఇదే.

మిగిలిన ఆ రెండు ప్రపంచాల్లో ఒకదానిలో గోపాలం ఉన్నాడు, మరొకదానిలో లేడు. కాబట్టి ‘గోపాలం వచ్చి ఉండవచ్చు’ ఒప్పే, ‘గోపాలం రాకపోయి ఉండవచ్చు’ కూడా ఒప్పే. రెండూ ఒకేసారి ఒప్పయ్యేవి ఒకదానికొకటి వ్యతిరేకాలు ఎలా అవుతాయి? ‘వచ్చు’ను నిజంగా కాదనాలంటే వచ్చిన ప్రపంచం ఒక్కటీ లేదని చెప్పాలి. ‘వచ్చి ఉండే వీల్లేదు’ అని గాని, క్లుప్తంగా ‘వచ్చి ఉండడు’ అని గాని అనాలి. అది ‘అన్ని ప్రపంచాల్లోనూ రాలేదు’ అనడంతో సమానం. అలాగే ‘ఆలి’ని కాదంటే రాని ప్రపంచం ఒక్కటైనా ఉందని అర్థం, ‘రానక్కరలేదు’ చేసే పని అది. మీ మూడు మాటల లెక్క ఇప్పుడు తేలుతుంది. ‘రాకపోవచ్చు’లో కాదనడం లోపల ఉంది, వచ్చు బయట ఉంది. ‘రాకూడదు’ అనుమతి అర్థంలో ‘రావచ్చు’కు అసలైన వ్యతిరేకం. ‘రానక్కరలేదు’ వ్యతిరేకమే గాని ‘రావాలి’కి, ‘రావచ్చు’కు కాదు.

ఇక్కడ ‘వచ్చు’ పుట్టుక దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ తర్కమంతా తెలుగు తన క్రియల్లోనే దాచుకుంది. ‘చేయవచ్చు’లోని వచ్చు రావడం అనే క్రియే. ‘ఈత వచ్చు’, ‘చదవను వచ్చు’ అన్నప్పుడు సామర్థ్యం. ‘లోపలికి పోవచ్చు’ అన్నప్పుడు అనుమతి. ‘వాన పడవచ్చు’ అన్నప్పుడు సంభావ్యత. ఒకే క్రియ మూడు రకాల ప్రపంచాలను చూస్తోంది: మన శక్తి అనుమతించేవి, నియమం అనుమతించేవి, మనకు తెలిసినదాంతో పొసగేవి. దాని వ్యతిరేక రూపం ‘రాదు’. ఈ రాదు ఎక్కడికి పోయినా తన లెక్క తప్పదు. ‘చెప్పరాని బాధ’ అంటే చెప్పడానికి శక్యం కానిది. ‘చెప్పరాని మాట’ అంటే చెప్పడం తగనిది. మొదటిదానిలో శక్యమైన ప్రపంచాలు, రెండోదానిలో తగిన ప్రపంచాలు. రెండుచోట్లా చెప్పిన ప్రపంచాల సంఖ్య సున్న. ‘మరువరాని’, ‘కానరాని’ మొదటి జాతివి. ‘అనరాని’, ‘తాకరాదు’ రెండో జాతివి. పక్కన ఉన్న నామాన్ని బట్టి ఏ ప్రపంచాలో తెలుస్తుంది, సున్న మాత్రం మారదు.

‘వలయు’ సంగతి వేరు. వలపు, వలచు అన్న మాటలకు ఇది చుట్టం. కోరిక, అవసరం దీని మూలార్థం. చేయవలయు, చేయవలెను అరిగి అరిగి ‘చేయాలి’ అయింది. కావలయు ‘కావాలి’ అయింది. దీని వ్యతిరేకం ‘వలదు’, నేటి ‘వద్దు’. రూపాన్ని బట్టి చూస్తే ‘చేయవలదు’ అంటే చేయవలసిన పని లేదని మాత్రమే రావాలి; అంటే చేయని ప్రపంచం ఒక్కటి ఉన్నా చాలు. భాష మాత్రం దాన్ని ‘ఏ ప్రపంచంలోనూ చేయకు’ అనే నిషేధంగా స్థిరపరచింది. కాదనడం బయట పుట్టి లోపలికి జారిపోయిందన్నమాట. కోరికను చెప్పే మాటలకు ఈ గుణం ఉంది: ‘నాకు వెళ్లాలని లేదు’ అన్నవాడు మామూలుగా వెళ్లకుండా ఉండడమే కోరుతున్నాడు. ఖాళీ పడిన స్థానాన్ని నింపడానికే ‘అక్కరలేదు’, ‘అవసరం లేదు’ పనికి వస్తున్నాయి. కూడు, అంటే పొసగు, నుంచి వచ్చిన ‘కూడదు’ది రాదు దారే.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా నేటి రాతల్లో జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. ‘పారిపోయి ఉండవచ్చని నిర్ధారించారు’ అని రాస్తారు. ఒక్క ప్రపంచంలో ఉంటే చాలు ‘వచ్చు’ ఒప్పు. నిర్ధారణ అంటే మిగతా ప్రపంచాలన్నీ కొట్టివేయడం. ‘అనుమానిస్తున్నారు’ అనడానికి ఏం అడ్డం? ‘తప్పనిసరిగా రావచ్చు’ ఇంకా దారుణం. తప్పనిసరి అన్ని ప్రపంచాలనూ అడుగుతుంది, వచ్చు ఒక్కదానితో సరిపెట్టుకుంటుంది. ‘అందరూ రాకూడదు’ అని నోటీసు రాసేవారు ఎవరూ రావద్దనా, కొందరే రావాలనా అన్నది తేల్చడం లేదు. మొదటిది ఉద్దేశమైతే ‘ఎవరూ రాకూడదు’ అనాలి, రెండోదైతే ‘అందరూ రానక్కరలేదు’ అని గాని ‘కొందరే రావాలి’ అని గాని అనాలి. నిజానికి ఈ చివరి రెండూ కూడా ఒకటి కావు. అందరూ వస్తే మొదటిది ఊరుకుంటుంది, రెండోది ఒప్పుకోదు.

తాళం వాక్యానికి వస్తే, అది ఆజ్ఞా ఊహా అని ఆ వాక్యమొక్కటే చెప్పలేదు. ఏ ప్రపంచాలను లెక్కలోకి తీసుకోవాలో సందర్భం చెబుతుంది. ఈ సంగతిని భాషాశాస్త్రవేత్త ఆంజెలికా క్రాట్జర్ 1977లో స్పష్టం చేశారు. ఊహ అయితే మనకు తెలిసినదాంతో పొసగే ప్రపంచాలు. మన ఎరుక నిజమైనదైతే, జరిగిన లోకం వాటిలో తప్పక ఉంటుంది. అందుచేత ‘తాళం వేసి ఉండాలి’ ఒప్పయితే తాళం వేసే ఉంది. ఆజ్ఞ అయితే నియమం పాటించిన ప్రపంచాలు. మనం ఉన్న లోకం వాటిలో లేకపోవచ్చు. తలుపు బార్లా తెరిచి ఉన్నా ‘ఈ తలుపుకు ఎప్పుడూ తాళం వేసి ఉండాలి’ అన్న నియమం ఒప్పే. అనుమానం వస్తే పరీక్ష ఇలా చేయండి: వాక్యం చివర ‘కాని వేసి లేదు’ అని చేర్చండి. నిలబడితే విధి, తనను తానే కొట్టుకుంటే ఊహ. ‘వచ్చి ఉండకూడదు’ అనే రూపం మామూలుగా నిందగానే వినిపిస్తుంది, ఊహకు పలకదు. అందుకే ఊహకు ‘వచ్చి ఉండడు’ వాడతాం.

లెక్క ప్రకారం ఊహలోని ‘ఆలి’ గట్టి మాటే. అయినా వానను కళ్లారా చూస్తున్నవాడు ‘వాన పడుతూ ఉండాలి’ అనడు. తడిసిన గొడుగులు చూసినవాడు అంటాడు. ఇది మాటలోని బలహీనతా, లేక పరోక్షంగా తెలుసుకున్నామని చెప్పే గుర్తు మాత్రమేనా అన్నది పండితుల్లో తెగని వాదం. రెండోదే తెలుగుకు నప్పుతుందని నా మొగ్గు, తీర్పు మాత్రం ఇవ్వను.

ఈ పనిముట్టు ఆగిపోయే చోటు కూడా ఒకటి ఉంది. ‘నీలి సిరాతో గాని నల్ల సిరాతో గాని రాయవచ్చు’ అంటే రెండింటిలో ఏదైనా సరేనని మనం గ్రహిస్తాం. సూత్రం అంత ఇవ్వదు. నల్ల సిరాతో రాసిన ప్రపంచం ఒక్కటి ఉన్నా వాక్యం ఒప్పవుతుంది, నీలి సిరాకు అనుమతి లేకపోయినా సరే. తత్త్వవేత్త హాన్స్ కాంప్ 1973లో దీని మీద రాసినప్పటి నుంచి పరిష్కారాలు చాలా వచ్చాయి, ఒక్కటీ అందరినీ ఒప్పించలేదు. నియమాలు రాసేవారు మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు. ‘నీలి సిరాతో రాయవచ్చు, నల్ల సిరాతోనూ రాయవచ్చు’ అని రెండు వచ్చులు పెడితే చాలు. అప్పుడు ఒక్కొక్క వచ్చుకూ దాని ప్రపంచం దానికి ఉంటుంది.