బాబాయా, మామయ్యా? అమ్మ వైపు, నాన్న వైపు లెక్క పనిచేయదు

"మామయ్యంటే మెటర్నల్ అంకుల్, బాబాయంటే పేటర్నల్ అంకుల్ అని మా పాపకి నేర్పా. మరి మా చెల్లెలి భర్తని ఏమనాలి?"

బాబాయేనండీ, అమ్మ వైపువాడైనా సరే. మీ అక్కచెల్లెళ్లు పాపకి అమ్మ వరసే కాబట్టి వాళ్ల భర్తలు నాన్న వరస అవుతారు, పెదనాన్నో బాబాయో, అచ్చం పాప నాన్న అన్నదమ్ముల్లాగే. మీ అన్నదమ్ములు మాత్రం మామయ్యలు. పాప నాన్న అక్కచెల్లెళ్లు మేనత్తలు, ఆ మేనత్త భర్త నాన్న వైపైనా మామయ్యే, మీరు నేర్పిన సూత్రం అక్కడా తప్పుతుంది. (మా తెలంగాణలో బాబాయిని కాక అంటాం, వరస అదే.) అనుమానమొస్తే పిల్లల్ని చూడండి: మీ చెల్లెలి కొడుకు పాపకి అన్నో తమ్ముడో, మీ తమ్ముడి కొడుకు బావో మరిదో. ఇంగ్లీషులో చెప్పాల్సొస్తే 'మదర్స్ సిస్టర్స్ హజ్బెండ్' అని విడగొట్టడమే.